కుడిభుజం మీది చామంతి

తెల్లవారి మా బస్సు డిపో గేటు దాటే వేళకు మదనపల్లె మీద మంచు ఇంకా కదలదు. టమాట మార్కెట్టుకు పోయే బండ్ల లైట్లు పసుపు మరకల్లా తేలుతూ వస్తాయి, వాటి వెనక బండ్లు మాత్రం కనపడవు. ఆ వేళప్పుడు నేను సగం నిద్రలోనే ఉంటాను. టికెట్ల యంత్రం మెడలో వేసుకుని, ఒక చేత్తో తలపై కడ్డీ పట్టుకుని, సీట్ల మధ్య నడుస్తూ అందర్నీ ఒకే మాట అడుగుతాను. "యాడికి?"

ఇన్నేళ్ళ కండక్టరు ఉద్యోగంలో నేను జనాన్ని అడిగింది ఈ ఒక్క మాటే. పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. జవాబులు కూడా అవే. అయినా ఈ ప్రశ్నకు తడుముకునేవాళ్ళు రోజుకొకరైనా తగులుతారు. చేతిలో సంచి ఉంటుంది, కాళ్ళకు చెప్పులుంటాయి, ఎక్కడికో పోవాలనే ఎక్కి ఉంటారు. అడిగేసరికి నా ముఖం వైపు చూస్తారు, నా ముఖాన రాసి ఉన్నట్టు. నాకు ఒళ్ళు మండుతుంది. "నన్నడిగితే నేనేం చెప్పేది? పొయ్యేది మీరు గదా" అంటాను. మా డ్రైవరన్న అద్దంలో నన్ను చూసి నవ్వుకుంటాడు.

ఆయన నవ్వుకు ఇంకో కారణం ఉంది. నేను కుప్పంలో తత్వశాస్త్రం ఎమ్మే చదివాను. ఏదో జ్ఞానం కోసం కాదు, ఆ ఏడు ఆ సబ్జెక్టులోనే సీట్లు మిగిలాయి. మా నాయన కూలి మనిషి. పెద్ద చదువు అంటే చాలు ఆయనకు, ఏ చదువైనా సరే. చదువు అయ్యాక ఆ పట్టాను పట్టుకుని తిరిగాను, ఎవరూ పట్టించుకోలేదు. కండక్టరు ఉద్యోగం పడింది, చేరాను. "తత్వాలు సదివి టికెట్లు కొట్టడమేందమ్మా" అంటాడు డ్రైవరన్న. "ఆ తత్వాలు సదివినందుకే నీ డ్రైవింగుకు భయపడకుండా కూసుంటాండా" అంటాను.

కుప్పంలో చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం, వేపచెట్ల గాలికి కళ్ళు మూతలు పడుతుంటే, మా సారు బోర్డు మీద ఒక వాక్యం రాశారు. ఉనికి ముందు, సారం తర్వాత. నాకప్పుడు ముక్క అర్థం కాలేదు. పరీక్షలో రాసి పాసయ్యాను. అది అర్థమైంది చాలా ఏళ్ళ తర్వాత, డిపోలో, బస్సుకు బోర్డు తగిలించేటప్పుడు.

బస్సు నుదుటి మీద కుప్పం అని రాసి ఉంటుంది. అది ఇంకా కదలకముందే, నేనూ డ్రైవరన్నా ఎక్కకముందే, ఆ బస్సు ఎక్కడికి పోవాలో తేలిపోయింది. అంతకు ముందు, అది ఇంకా రేకులూ బోల్టులూగా ఉన్నప్పుడే, దాన్ని తయారుచేసినవాడి మనసులో మనుషుల్ని మోసే బండి అన్న సంగతి ఉంది. బస్సు ఏమిటి, ఎందుకు అన్నది ముందు, బస్సు తర్వాత. చీపురైనా, సంగటి కెలికే తెడ్డైనా అంతే. మనిషికీ అలాగే నుదుటి మీద రాసి పంపుతారని మనవాళ్ళ నమ్మకం. ఆ వాక్యం దీన్ని తిరగేస్తుంది. మనిషికి బోర్డు లేదంటుంది. మనిషి ముందు ఈ లోకంలోకి వచ్చి పడతాడు, తర్వాత దారి పట్టుకుంటాడు. పట్టుకున్న దారులూ చేసిన పనులూ కలిసి అతనెవరో తేలుస్తాయి. అది కూడా ఊపిరి ఉన్నంతవరకూ పూర్తిగా తేలదు, రేపు ఇంకో పని చేయవచ్చు కాబట్టి.

అలాగని ఏదంటే అది జరిగిపోతుందని కాదు. దారి లేని చోటికి బస్సు పోదు. పుట్టిన ఊరు, ఒంట్లో రోగం, అమ్మానాన్నలు, వయసు, ఇవి మనల్ని అడిగి రాలేదు. వాటిని పట్టుకుని ఏం చేస్తామన్నది మాత్రం మన పాలే. అదే నాకు భయం పుట్టించిన ముక్క. ఒకసారి ఒక పెద్దాయన పలమనేరుకు టికెట్టు తీసుకుని నిద్రపోయాడు. కేకేశాను, ఊఁ అన్నాడు, లేవలేదు. అడవి దారి వచ్చింది, ఏనుగులు దాటే చోటు అన్న పసుపు బోర్డులు దాటాము, వి.కోట దాటాము. కుప్పంలో దిగి నా మీద విరుచుకుపడ్డాడు. దిగనని ఆయన ఎప్పుడూ అనలేదు నిజమే. దిగకపోవడం కూడా ఒక చోటికి చేరుస్తుంది. ఏమీ ఎంచుకోను అని కూర్చున్నా, కూర్చోవడాన్ని ఎంచుకున్నట్టే. ఆయనకు ఇదంతా చెప్తే నన్ను కొట్టేవాడు, తిరుగు బస్సు చూపించి ఊరుకున్నాను.

ఇక మా చిన్నమ్మ. మా అమ్మకు చెల్లెలు. పుంగనూరు బస్టాండు ముందు గోనెపట్టా పరుచుకుని పూలు కట్టి అమ్ముతుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే కాపురం చెడి పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచీ అన్న ఇంట్లోనే. ఆ అన్న మా మేనమామ. చింతపండు మండీలో కాటా వేసే పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. అత్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో వంట, నీళ్ళు, మామ మాత్రలు, మామ కోపాలు, అన్నీ చిన్నమ్మే. మామకు షుగరు. మాత్ర వేసుకుని వెంటనే తినాలి. తినకుంటే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. కంచం ముందుకు వస్తే తింటాడు, రాకపోతే అలాగే కూర్చుంటాడు.

"పొయ్యి కాడికి పొయ్యే రకం కాదు నేను" అనేవాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నేనట్ల పుట్టినా. మా సెల్లెలు ఇట్ల పుట్టింది. ఆయమ్మది సేసే సెయ్యి." ఈ మాట ఆయన తిట్టుగా అనలేదు. ముద్దుగా, గర్వంగా అనేవాడు. మా చుట్టాలందరూ అదే అనేవాళ్ళు. చిన్నమ్మ కూడా అవునని నవ్వేది. అలా అనుకుంటే ఎంత సుఖమో నాకు తెలుసు. తెడ్డుకు ఎందుకు కెలుకుతున్నానన్న దిగులు ఉండదు. ఇద్దరూ ఒకరినొకరు తెడ్డూ కంచమూ చేసుకుని హాయిగా కాలం గడిపారు.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేకుండా చేసిన కొత్తలో చిన్నమ్మ ఒకరోజు పూలగంప పక్కన పెట్టి నా బస్సెక్కింది. ఊరికే పోయినా సున్నా టికెట్టు కొట్టాలి. అందులో ఊరి పేరు పడాలి.

"యాడికి చిన్నమ్మా?"

"ఏమో. నువ్వే ఏదో ఒకటి కొట్టు."

"అట్ల కుదరదు. యంత్రం ఒప్పుకోదు."

"అయితే నీ ఎంబడే. ఆకరు దాంకా."

కుప్పం కొట్టాను. కిటికీ పక్కన కూర్చుని ముసుగు తీయని మంచుకేసి చూస్తూ పోయింది. మల్బరీ తోటలు, పాల క్యాన్లు, గుట్టలు, మళ్ళీ గుట్టలు. మధ్యలో ఒకసారి నేను పక్కన కూర్చుంటే, నిద్రలో మాట్లాడినట్టు, "ఇన్ని ఊర్లు ఉండాయే" అంది. పుంగనూరు నుంచి కుప్పం ఏమంత దూరమని. ఆమె అటువైపు రావడం అదే మొదలు.

కుప్పంలో రైల్వేస్టేషను దగ్గర ఒక పూల కొట్టుంది. దాని యజమానిని అందరూ ఆపా అంటారు, వాళ్ళ దక్కనీ ఉర్దూలో అక్క అని. చిన్నమ్మ ఈడుదే. పెళ్ళికొడుకు ముఖం మీద వేలాడే పూలతెర కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. సెహరా అంటారు దాన్ని. మల్లెలు, గులాబీలు, మధ్యలో జరీ పోగులు. చిన్నమ్మ ఆ కొట్టు ముందు నిలబడిపోయింది. ఆపా తలెత్తి చూసి, "నిలబడి సూస్తే ఏమొస్తాది అక్కా, ఈ కొస పట్టుకో" అంది. తిరుగు బస్సుకు హారన్ కొట్టి పిలిస్తేగానీ రాలేదు మా చిన్నమ్మ. ఎక్కాక చేతులు వాసన చూసుకుంటూ కూర్చుంది.

మళ్ళీ పోయింది. మళ్ళీ మళ్ళీ. ఆపాకు ఒక్కర్తికే పని తెమలడం లేదు, వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండి ఇద్దరం కలిసి చేద్దామంది. చిన్నమ్మకు సెహరా పట్టుబడింది. ఇంట్లో మాత్రం పూల బేరమని చెప్పి దాటేసేది. ఒకరోజు తిరిగి వచ్చేసరికి మామ వాకిట్లో చెమటలు కక్కుతూ పడి ఉన్నాడు. మాత్ర వేసుకున్నాడు, తినలేదు. అన్నం వండిపెట్టే పోయింది ఆమె. మూత తీసి వడ్డించుకోవాలి, అంతే. అది చేయలేదు ఆయన. చక్కెరనీళ్ళు తాగించాక లేచాడు. లేచి, "సూసినావా" అన్నాడు. 

దాంతో సంగతి సూటిగా ముందుకు వచ్చి నిలబడింది. చిన్నమ్మ కుప్పం పోతే మామ ప్రాణానికి ముప్పు ఉండవచ్చు. పోకపోతే ఆ వెనక గది, ఆ పూలతెర, ఆమె చేతుల్లో కొత్తగా పుట్టినదేదో, అది పోతుంది. రెండూ నిజమే. 

తర్వాత కొన్నాళ్ళు నాకొక కల వచ్చేది. మంచులో బస్సు పోతూ ఉంటుంది, దాని నుదుటి మీద ఏమీ రాసి ఉండదు. లోపల మా చుట్టాలంతా కూర్చుని ఉంటారు. నేను యాడికి అని అడగను, వాళ్ళే నన్ను అడుగుతుంటారు. యాడికి, యాడికి అని మెత్తగా, వాన పడినట్టు. మెలకువ వచ్చాక కూడా ఆ గొంతులు చెవుల్లోనే ఉండేవి.

చిన్నమ్మ ఒక మధ్యాహ్నం బస్టాండులో నా పక్కన కూర్చుని పూలు కడుతూ అంది. "నిన్ను అడగాలనే వచ్చినా. కానీ అడగను."

"యాల?"

"మీ మామనడిగితే వద్దంటాడు. నిన్నడిగితే పొమ్మంటావు. ఎవురి దగ్గిరికి పోతే ఏం దొరుకుతాదో తెలిసినాక ఇంక అడిగేదేముండాది?"

ఎమ్మేలో మా సారు ఒక గంటసేపు చెప్పింది కూడా దగ్గర దగ్గర ఇదే. సలహా ఎవరిని అడగాలో ఎంచుకున్నప్పుడే సగం నిర్ణయం అయిపోతుంది. "ఈ సంగతి నీకెట్ల తెలుసు?" అన్నాను. "పూలమ్మేదానికి తెలీదా. రోజా కావాలన్నోళ్ళు రోజా గంప దగ్గిరికే వస్తారు" అని దారం కొరికింది.  చేతులు పూలు కడుతూనే ఉన్నాయి.

దీనికొక దారి చూపించింది మామే. "ఆయమ్మనే అడుగుదాం" అన్నాడు, అమ్మవారిని. మా వైపు పెద్ద పనులకు పూవు అడగడం ఉంది. అమ్మవారి విగ్రహం రెండు భుజాలకూ తడిపిన పూలు అంటిస్తారు. మనసులో అడగాల్సింది అడిగి కూర్చుంటారు. అమ్మవారి కుడిభుజం మీది పూవు ముందు రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. ఆ తర్వాత నోరెత్తడానికి లేదు. పెళ్ళిళ్ళు, పొలం బేరాలు, బోరు ఎక్కడ వేయాలన్నదీ ఇలాగే తేల్చుకుంటారు. చిన్నమ్మ ఒప్పుకుంది. ఆ గుడికి శుక్రవారాల పూలు ఇచ్చేది ఆమే.

శుక్రవారం నేను సెలవు పెట్టుకుని పోయాను. గుళ్ళో దీపం తప్ప వెలుగు లేదు. తడిరాయి, పసుపు, కర్పూరం వాసన. చిన్నమ్మ ఆకులో తెచ్చిన చామంతులు పూజారి అందుకున్నాడు. ఇది కుడికి, ఇది ఎడమకు అని ఆమే చేతికిచ్చింది. రాయి తడిపి పూలు అదిమాడు. మేము కింద కూర్చున్నాం. మామ కళ్ళు మూసుకున్నాడు. చిన్నమ్మ కళ్ళు తెరిచే ఉంది. కాలం ఆగినట్టుంది. ఎక్కడో గంట మోగి, అది మోగిందో లేదో అనిపించేంత మెల్లగా ఆగిపోయింది. ఆ పూల వైపు చూసీ చూసీ అవి ఊగుతున్నాయనిపించింది నాకు, అమ్మవారు ఊపిరి తీస్తున్నట్టు.

కుడిభుజం మీది చామంతి రాలింది. చప్పుడు కూడా కాలేదు.

పూజారి "అయ్యిందమ్మా" అన్నాడు. మామ కళ్ళు తెరిచాడు. ఆయన ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది. కానీ మాట తప్పే మనిషి కాదు. లేచి, చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి అన్నాడు. "ఆయమ్మే పొమ్మన్నాక ఇంక మాటేముండాది. పోమ్మా. ఇంక నాకేమయినా నీ తప్పు గాదు. నీ మింద ఏమీ లేదు."

అక్కడితో అయిపోయేది. ఆమె తలూపి బయటికి వచ్చి ఉంటే, దేవత దీవెన, అన్న దీవెన, ఊరి మెప్పు, అన్నీ మూటగట్టుకుని నా బస్సెక్కి ఉండేది. కానీ ఆ చివరి మాట ఆమెకు ముల్లులా తగిలింది. నేను ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను. 

"ఆయమ్మ పొమ్మన్లేదన్నా" అంది.

"ఏందీ?"

"ఎడమకిచ్చింది అరవిరిసిన పూవు. తొడిమ గిల్లేసినా, రాయికి అతుక్కునేటట్టు. కుడికిచ్చింది బాగా విచ్చుకున్న బరువు పూవు. తొడిమ అట్లే ఉంచినా. అది నిలబడదు. రోజూ పూలతో ఉండేదాన్ని, నాకు తెలీదా ఏది ముందు రాలుతాదో. పోవాలని నేనే ఏరినా. పోతాండేది నేను. ఆయమ్మను అడ్డం పెట్టుకోని పోను."

 మామ ముఖంలో రంగు మారింది. గుడి మెట్లు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. చిన్నమ్మ రాలిన చామంతిని తీసుకుని కళ్ళకద్దుకుని మళ్ళీ అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది. దేవుడు లేడని ఆమె అనలేదు, ఇప్పటికీ అనదు. పూవు రాలిందన్నది నిజం. ఆ రాలడానికి అర్థం ఏమిటన్నది ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పింది తనే అని ఆమె దాచలేకపోయింది. నాకు ఆ క్షణం మా సారు రాసిన వాక్యం గుర్తొచ్చింది. గర్వంగానూ ఉంది, కోపంగానూ ఉంది.

"నోరు మూసుకోని ఉంటే ఏం పోయింది నీకు?" అని బయట అరిచాను.

"రేపు అన్నకేమన్నా అయితే ఆయమ్మను తిట్టుకుంటా కూసోవాల్నా?" అంది. కాసేపాగి, "నన్ను సూసి రేపు ఇంకొకతి పూలు ఏరుకోని వస్తాది. దొంగపూలతో పోవచ్చని నేనే సూపించినట్టు గాదా?" అంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. మనిషి తన కోసం ఎంచుకున్నది చూసేవాళ్ళందరికీ ఇలా ఉండవచ్చని చూపినట్టవుతుందని, అందుకే ఎంచుకునేటప్పుడు వణుకు పుడుతుందని పుస్తకంలో చదివి, రాసి, మార్కులు తెచ్చుకున్నాను నేను. వణుకును చూడటం అదే మొదటిసారి.

తర్వాతి వారం ఆమె చిన్న సంచితో బస్సెక్కింది. మామ రాలేదు. మాత్రలు పొద్దుటివి ఒక డబ్బాలో, సాయంత్రానివి ఒక డబ్బాలో పెట్టి, బియ్యం ఎక్కడ, రాగిపిండి ఎక్కడ అన్నీ చెప్పి వచ్చానంది. ఆయన గోడ వైపు తిరిగి వింటూ ఉన్నాడట. "యాడికి" అని అడిగాను, అలవాటు కొద్దీ. "కుప్పం" అంది. నన్ను చూడలేదు, కిటికీలోంచి ఇంటి దారి వైపు చూస్తూ అంది.

పొద్దున, సాయంత్రం అన్నకు ఫోన్ చేసేది. ఆయన ఎత్తేవాడు, మాట్లాడేవాడు కాదు. దగ్గేవాడు. "దగ్గు ఇనపడితే సాలు" అనేది చిన్నమ్మ. నేను కుప్పంలో బస్సు దిగి టీ తాగే వేళకు ఆపా కొట్టు ముందు నిలబడేదాన్ని. పూలతెరలు గాలికి ఊగుతూ ఉండేవి. వాటి వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు దక్కనీలో, ఒకరు తెలుగులో, ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటూ, ఇద్దరికీ అంతా అర్థమవుతూ. చిన్నమ్మ నవ్వు అక్కడ వేరేగా ఉండేది. చేసే చెయ్యి అనిపించుకున్న మనిషి ఆపా మీద కసురుకుంటుంటే, బేరానికి వచ్చినవాళ్ళతో తగువు పడుతుంటే విని నేను మురిసిపోయేదాన్ని. ఇది ఆమెలో ముందే ఉండి ఇప్పుడు బయటపడిందని ఆపా అంటుంది. నేను ఒప్పుకోను. లేదు, ఆమె చేస్తూ చేస్తూ అలా అయింది.

ఆ ఎండాకాలం ఒకరోజు మేము వి.కోట దాటాక నాకు ఫోన్ వచ్చింది. మామ పక్కింటివాళ్ళు. మామ మళ్ళీ పడిపోయాడు, ఈసారి చక్కెరనీళ్ళకు లేవలేదు, ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను కుప్పం చేరి చెప్పేసరికి చిన్నమ్మ చేతిలోని దారం కింద పెట్టి, ఏమీ అడక్కుండా వచ్చి బస్సులో కూర్చుంది.

తిరుగు ప్రయాణం ఎంతకీ తరగలేదు. అడవి దారిలో ఎండ ఆకుల మధ్య నుంచి పడి ఆమె ముఖం మీద వెలుగూ నీడా పరుగెత్తుతున్నాయి. నీళ్ళలో కూర్చున్నట్టుంది ఆమె. నేను టికెట్లు అయ్యాక పక్కన కూర్చున్నాను.

"ఆరోజు నోరు మూసుకోనుంటే" అంది, "ఇప్పుడు ఈ బరువు ఉండేది గాదు గదా?"

"ఉండేది గాదు" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఆయమ్మ సెప్పింది, పోయినాను, నాదేముండాది అనుకోనుంటా."

"అట్లే అనుకోనుంటావు."

 ఏనుగుల బోర్డు ఒకటి వెనక్కి పోయింది. "అయితే అది నేను గాదు గదా పోయినట్టు" అంది ఆమె. 

ఆసుపత్రిలో మామ మంచం మీద చిక్కిపోయి ఉన్నాడు. సెలైన్ ఎక్కుతోంది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెల్ని చూసి, ఇన్నాళ్ళకు, నోరు విప్పాడు. 

"నీ తప్పేం లేదులేమ్మే. ఆయమ్మ పొమ్మనింది గదా. పూల సంగతి నేను ఎవురికీ సెప్పలేదు. పూజారికీ సెప్పొద్దన్నా. ఊర్లో అందురూ ఆయమ్మే పంపిచ్చింది అనుకుంటాండారు. నువ్వూ అట్లే అనుకో."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్ని నెలలు గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి, ఆ గోడ వైపు తిరిగే, ఆమె కోసం ఈ సాకును కాపాడుతూ ఉన్నాడు. అంతకంటే పెద్ద ప్రేమ ఆయన దగ్గర లేదు. చిన్నమ్మ మంచం పట్టీ మీద కూర్చుని ఆయన పాదం పట్టుకుంది.

"కాదన్నా. నేను పోయినందుకే నువ్వు ఒంటిగా ఉండావు. అది నాదే. నాకు తెలిసే పోయినా." పాదం వదలకుండానే అంది. "నువ్వు లేచినాక మళ్ళా పోతా."

మామ ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను.  మెల్లగా అన్నాడు.

"మాత్ర మింగి తినకుండా పండుకునింది నేను. సంగటి సెయ్యడం నాకు రాదని కాదు, నువ్వు రావాలని. ఆ పని నాది. అది కూడా నువ్వే ఎత్తుకోని పోవద్దు."

చిన్నమ్మ ఆయన పాదం మీద తల పెట్టి ఏడ్చింది. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

ఆయన ఇంటికి వచ్చి, కాస్త తేరుకునేదాకా ఆమె పుంగనూరులోనే ఉంది. తర్వాత ఒక ఉదయం, మంచు లేదు కానీ ఎండ ఇంకా మెత్తగా ఉంది, సంచితో బస్టాండుకు వచ్చింది. మామ వెంట వచ్చాడు. ఆమె ఎక్కింది. ఆయన కూడా ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, లోపలికీ బయటికీ కాకుండా నిలబడ్డాడు. డ్రైవరన్న హారన్ కొట్టాడు. నేను యంత్రం చేతిలోకి తీసుకున్నాను.

"యాడికి మామా?"

ఆయన నన్ను చూశాడు. లోపల కిటికీ పక్కన కూర్చున్న చెల్లెల్ని చూశాడు. కాలు కిందికి తీశాడు.

"ఇంటికి" అన్నాడు. "సంగటికి ఎసరు పెట్టొచ్చినా. మరుగుతాంటాది."